కళ్లారా చూసినదానికి ‘మిష్’ ఎందుకు?

టర్కిష్ క్రియకు చేరే ‘మిష్’ ప్రత్యయం గురించి భాషాశాస్త్రం తెలిసినవారిని ఒక సందేహం అడగాలనుకుంటున్నాను. ‘కెమాల్ గెల్మిష్’ (కెమాల్ వచ్చాడు) అనే వాక్యాన్ని, తగిలించి ఉన్న అతని కోటు చూసి వచ్చాడని ఊహించినప్పుడూ, ఎవరో చెప్పగా విన్నప్పుడూ, తలుపు తీయగానే అనుకోకుండా అతడే ఎదురుగా కనిపించినప్పుడూ వాడవచ్చు. మొదటి రెండింటిలో ఆశ్చర్యం లేకపోయినా ప్రత్యయం సమాచార మూలాన్ని తెలుపుతుంది. మూడోదానిలో మాత్రం, మూలమే లెక్కయితే, కళ్లారా చూసినదానికి తగిన ‘గెల్ది’ రావాలి కదా? ఆశ్చర్యం స్వతంత్ర వ్యాకరణ విభాగమని 1997లో భాషాశాస్త్రవేత్త స్కాట్ డిలాన్సీ చేసిన వాదన నాకు బలంగానే తోస్తుంది. అయితే ఒకే ప్రత్యయం రెండు పనులూ చేసే టర్కిష్‌తో అది తేలదు. సమాచారం ఎలా అందినా సరే, కేవలం ఆశ్చర్యానికే వచ్చే ప్రత్యయం ఉన్న భాష మీకు తెలిస్తే, దయచేసి ఒక ఉదాహరణ వాక్యంతో వివరించగలరా?