రాత్రి బడిలో పెద్దవాళ్లకి అ ఆ లతో మొదలెట్టాలా, మాటలతోనా?

పలాస కుర్రోడు: జీడి బట్టీల్లో పనిచేసే పదకొండు మంది ఆడవాళ్లకి రాత్రి ఏడున్నర నుంచి గంటసేపు చదువు చెబుతున్నాను. రోజూ నలుగురైదుగురు రారు. అ ఆ ఇ ఈ లకే మూడు వారాలు అయిపోయాయి. మాటలతో మొదలెడితే మేలా?

బొబ్బిలి మేష్టారు: తొందరపడకు బాబూ. మాటలు బట్టీ పట్టిస్తే కొత్త మాట ఎదురైన రోజు తెల్లమొహం వేస్తారు. అక్షరాలు, గుణింతాలు వరసగా రావాల్సిందే. ముప్పై ఏళ్లు పిల్లలకి అలాగే చెప్పాను.

నెల్లిమర్ల సీత: మా అమ్మకి సంతకం నేర్పించాం, బ్యాంకు పని జరిగిపోతోంది. ఇంకెందుకండీ ఇదంతా?

టెక్కలి అక్క: సీతా, సంతకం బొమ్మ లాంటిదమ్మా. కింద సంతకం పెట్టగలదు గానీ పైన ఎంత రాశారో చదవలేదు కదా.

తమ్ముడూ, "పలాస" అన్న మాటతోనే మొదలెట్టు. రోజూ బస్సు మీద చూసేదే. ముందు మాట మొత్తం చదివించి, తర్వాత ప, లా, స అని మూడు అట్టముక్కలు చేసి చేతికివ్వు. జీడి సొనకి వేళ్లు పొక్కినవాళ్లు మొదటి రోజే పెన్సిలు పట్టలేరు. రెండో రోజు ల, లా పక్కపక్కన పెట్టి తేడా చూపించి, "పాప" వాళ్ల చేతే కట్టించు. మూడో రోజు కొమ్ము ఇస్తే పాలు, పులుసు, సలుపు వచ్చేస్తాయి. "సలుపు" చదవగానే మా బడిలో ఒకామె తన వేళ్లు చూపించి నవ్వింది. ఆ మాట ఆమెకి మళ్లీ చెప్పాల్సిన పని పడలేదు.

చదువుతున్నారో, గుర్తుపడుతున్నారో తేల్చుకోవాలంటే అట్టలు తారుమారు చేసి "సలాప" అని పెట్టు. అప్పుడూ "పలాస" అంటే బొమ్మనే చూస్తున్నారన్నమాట. ఇంకోటి, లు, సు చదివినవాళ్లు కూడా పు దగ్గర ఆగిపోతారు, అక్కడ కొమ్ము వేరే చోట అతుకుతుంది. వు, మ అయితే మరీ కలిసిపోతాయి. ఆ రెండూ ఒకే వారంలో చెప్పకు.

పలాస కుర్రోడు: రానివాళ్ల సంగతేంటక్కా?

టెక్కలి అక్క: మొదటి పావుగంట కొత్త పాఠం వద్దు. నిన్న వచ్చినామె నిన్న రానామెకి ఆ అట్టలతోనే చెప్పాలి. ఆలస్యంగా వచ్చినవాళ్లకీ అదే సర్దుబాటు. చివరి పావుగంట లెక్కలకి వదులు: ఈ రోజు ఎన్ని కిలోలు ఒలిచారు, కిలోకి ఎంత, చేతికి ఎంత రావాలి. పెద్దవాళ్ల చదువు కోసం కేంద్రం పెట్టిన ఉల్లాస్ పరీక్షలో చదవడం, రాయడం, లెక్కలు ఒక్కోదానికి 50 మార్కులు. లెక్కలు వెనక్కి నెట్టేస్తే అక్కడ దెబ్బతింటారు.

బొబ్బిలి మేష్టారు: అట్టలు తారుమారు చెయ్యడం బాగుంది, ఒప్పుకుంటాను. కానీ అమ్మా, నీ మూడో రోజు పాఠం గుణింతమే కదా! పేరు మార్చావంతే.

టెక్కలి అక్క: గుణింతమే మేష్టారూ. పదహారూ ఒకేసారి కాకుండా, పనికొచ్చినప్పుడు ఒక్కొక్కటి.

పలాస కుర్రోడు: ఈ రోజు "పలాస" పెట్టాను. చదివారు. చదివాక ఒక పెద్దామె, "బాగానే ఉంది గానీ బాబూ, అ ఆ లు ఎప్పుడు సెప్తావు? మా మనవడు అవే సదువుతున్నాడు" అంది. మిగతావాళ్లూ తలూపారు. ఏం చెప్పాలో తెలియక గోడకి అక్షరాల పటం తగిలించాను.

బొబ్బిలి మేష్టారు: చూశావా!