మూలబిందువు దగ్గర కోషీ-రీమన్ సరిపోయింది, అయినా √|xy| అవకలనీయం కాదంటున్నారు

తాంబరం, ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం
నమస్కారమండి. f(z) = √|xy| తీసుకున్నాను. అంటే u = √|xy|, v = 0. మూలబిందువు దగ్గర నాలుగు పాక్షిక అవకలజాలూ సున్నాయే వస్తున్నాయి. కాబట్టి u_x = v_y, u_y = −v_x రెండూ నిజమే. కానీ జవాబు "z = 0 దగ్గర అవకలనీయం కాదు" అని ఉంది. నేనెక్కడ తప్పాను?

పెరంబూర్ అన్న
సూత్రం పెట్టి డిఫరెన్షియేట్ చేసి, తర్వాత x = y = 0 పెట్టావేమో చూడమ్మా. అక్కడ 0/0 వస్తుంది, సున్నా రాదు.

తాంబరం
లేదన్నా, నిర్వచనంతోనే చేశాను. x అక్షం మీద u(h, 0) = 0, కాబట్టి దాన్ని h తో భాగించినా సున్నాయే. y అక్షం మీదా అంతే.

పెరంబూర్ అన్న
అలాగైతే లెక్క సరే. కారణం ఇది: x, y ధనాత్మకమైతే u_x = ½√(y/x). y = x గీత మీద అది ఎప్పుడూ ½. మూలబిందువు దగ్గరేమో 0. పాక్షిక అవకలజాలు అవిచ్ఛిన్నం కావు, కాబట్టి ఫంక్షన్ అవకలనీయం కాదు.

పోరూర్, సివిల్ ఇంజినీర్
నాదీ ఇదే ఇబ్బంది. u = x² − y² + 2x ఇచ్చి v కనుక్కోమన్నారు. v = 2xy + 2y వచ్చింది. ఇది కూడా ఎక్కడైనా చెడుతుందా?

అడయార్ మేడం (లెక్చరర్)
పోరూర్ గారూ, మీ ప్రశ్న వేరు. అది z² + 2z. బహుపదుల పాక్షిక అవకలజాలు అన్నిచోట్లా అవిచ్ఛిన్నమే, మీకు బెంగ అక్కర్లేదు. v కి ఒక స్థిరాంకం కలపడం మాత్రం మరవకండి.

పెరంబూర్ గారు చెప్పిన ½ సరైనదే, కానీ "కాబట్టి" అన్నదాన్ని ఒప్పుకోలేను. పాక్షిక అవకలజాలు అవిచ్ఛిన్నమై, కోషీ-రీమన్ కూడా నిజమైతే అవకలనీయత వస్తుంది. తిరగేసి చెప్పకూడదు. f(z) = |z|² sin(1/|z|), f(0) = 0 తీసుకోండి. f(z)/z పరిమాణం |z| దాటదు, కాబట్టి మూలబిందువు దగ్గర అవకలజం ఉంది, విలువ సున్నా. కానీ x అక్షం మీద u_x లో cos(1/x) పదం ఊగుతూనే ఉంటుంది, అవధి లేదు.

తాంబరం అమ్మాయ్, నీ ఫంక్షన్‌కి నేరుగా f(z)/z చూడు. z = t + it పెడితే √|t·t| = |t|. నిష్పత్తి |t| / (t(1 + i)). t కుడివైపు నుంచి సున్నాకి వెళ్తే (1 − i)/2, ఎడమవైపు నుంచి −(1 − i)/2. అక్షాల మీదేమో 0. అవధి లేదు, అక్కడితో తేలిపోయింది.

నువ్వు ఎక్కడా తప్పు లెక్క చేయలేదు. పాక్షిక అవకలజాలు రెండు అక్షాల వెంబడి మాత్రమే చూస్తాయి, ఏటవాలు దారిలో ఏం జరుగుతోందో వాటికి తెలియదు. అవకలనీయత కావాలంటే u(h, k) నుంచి u_x h + u_y k తీసేయగా మిగిలేది √(h² + k²) కంటే వేగంగా సున్నాకి పోవాలి. ఇక్కడ మిగిలేది √|hk|. h = k అయితే ఆ నిష్పత్తి 1/√2 దగ్గరే నిలిచిపోతుంది. అంటే u అనే వాస్తవ ఫంక్షనే అవకలనీయం కాదు. u, v రెండూ ఈ అర్థంలో అవకలనీయమై, కోషీ-రీమన్ కూడా నిజమైతేనే f అవకలనీయం. ఇది రెండు దిశల్లోనూ నిజం.

తాంబరం
ఇప్పుడు అర్థమైంది మేడం, థాంక్స్. ఒక్క బిందువు దగ్గర కాకుండా ప్రాంతమంతా కోషీ-రీమన్ నిజమైతే ఈ గొడవ ఉండదు కదా?

అడయార్ మేడం
ఉంటుంది. f(z) = e^(−1/z⁴), f(0) = 0 చూడు. మూలబిందువు కాకుండా మిగతా చోట్ల ఎనలిటిక్. రెండు అక్షాల మీదా z⁴ ధనాత్మకమే కనుక f చాలా వేగంగా సున్నాకి పోతుంది, మూలబిందువు దగ్గర కూడా పాక్షిక అవకలజాలన్నీ సున్నా. అంటే తలమంతా కోషీ-రీమన్ నిజం. కానీ 45 డిగ్రీల గీత మీద, మూలబిందువు నుంచి దూరం t అయితే, z⁴ = −t⁴. అక్కడ f విలువ e^(1/t⁴), అనంతానికి పోతుంది. f కనీసం అవిచ్ఛిన్నం కూడా కాదు. ప్రాంతమంతా f అవిచ్ఛిన్నమై, పాక్షిక అవకలజాలు ప్రతిచోటా ఉండి, కోషీ-రీమన్ నిజమైతే మాత్రం f ఎనలిటికే. దాన్ని లూమన్-మెన్షోవ్ సిద్ధాంతం అంటారు. రుజువు ఇక్కడ టైప్ చేసేంత చిన్నది కాదు, ఆదివారం కోట్టూర్‌పురం లైబ్రరీకి వచ్చేవాళ్లకి కాగితం మీద చూపిస్తాను.

పెరంబూర్ అన్న
"కాబట్టి" వెనక్కి తీసుకుంటున్నాను మేడం. ఇంకో సందేహం. అవిచ్ఛిన్నత అడగకుండా, f విలువలు ఒక హద్దు లోపల ఉంటే సరిపోదా? మీ ఉదాహరణలో అవి అనంతానికి పోతున్నాయి కదా.

అడయార్ మేడం
మంచి ప్రశ్న. నా ఉదాహరణ దాన్ని కొట్టేయదు, అది నిజం. వేరే ఉదాహరణ దొరుకుతుందో, రుజువే దొరుకుతుందో మీరూ ప్రయత్నించండి, ఆదివారం అందరం కూర్చుని చూద్దాం.