పిల్లల పట్టు పావడాలు: పాప బొమ్మ లేకుండా కేటలాగు ఫోటోలు ఎలా తీస్తున్నారు?

కందుకూరు పావడాలు
ఇంటి దగ్గరే పావడాలు కుట్టించి వాట్సాప్‌లో అమ్ముతాను. పోయిన దసరాకి ఏఐ యాప్‌తో ఒక పాప బొమ్మ చేయించి, దానికి మా పావడా తొడిగించి కేటలాగు పెట్టాను. చూడముచ్చటగానే ఉంది. పార్సిల్ అందాక ఒకావిడ బొమ్మనూ బట్టనూ పక్కపక్కన పెట్టి ఫోటో పంపారు. మా అంచులో నెమళ్లు, బొమ్మలో మామిడి పిందెలు! అంచు పైన వేసిన రెండు టక్కులు బొమ్మలో లేనే లేవు. పాప పొడుగు పెరిగితే విప్పుకోవడానికే కదా ఆ టక్కులు, వాటిని చూసే చాలామంది కొంటారు. ఆ రకం పదకొండు పంపితే నాలుగు వెనక్కి వచ్చాయి. ముఖాలన్నీ తీసేశాను. ఇప్పుడు నేల మీద పరిచి తీస్తుంటే పావడా గోనెపట్టాలా కనిపిస్తోంది, జరీ ఉన్నచోట తెల్లటి మచ్చ పడుతోంది.

ట్రంకు రోడ్డు టైలర్
పరచడమే తప్పమ్మా. కుచ్చిళ్లు పెట్టి కుట్టినది వేలాడితేనే అందం. అన్నీ హ్యాంగర్‌కు తగిలించి తీయండి.

దర్గామిట్ట స్టూడియో
టైలర్ గారి మాట ఘేరుకు సరిగ్గా సరిపోతుంది. కానీ వేలాడదీస్తే అంచు కుచ్చిళ్లలోకి మడతపడి నెమలి సగమే కనిపిస్తుంది. అందుకని పావడాకు రెండు ఫోటోలు కావాలి, వేలాడేది ఒకటి, పరిచినది ఒకటి.

అక్కా, మీ జరీ మచ్చకు కారణం ఫ్లాష్, లేదంటే నెత్తిమీద లైటు. రెండూ ఆపేయండి. ఎండ నేరుగా పడని కిటికీ పక్కన, మెరవని లేత రంగు దుప్పటి మీద పరచండి. వెలుతురు ఒక పక్క నుంచే వస్తే జరీ పోగు పోగుగా తెలుస్తుంది. రెండో పక్క నీడ మరీ నల్లబడితే అక్కడ తెల్ల థర్మోకోల్ షీటు నిలబెట్టండి. ఎండ తగిలే కిటికీ అయితే పలచని తెల్ల పంచె అడ్డంగా కట్టండి.

గోనెపట్టాలా ఉండటానికి కారణం లోపల గాలి లేకపోవడం. ఇస్త్రీ చేశాక రెండు పొరల మధ్య నలిపిన పలుచని కాగితం పెట్టండి, నడుము దగ్గర తక్కువ, కింద కొంచెం ఎక్కువ. న్యూస్‌పేపర్ వద్దు, సిరా అంటుతుంది. తర్వాత స్టూలెక్కి ఫోను నేలకు సమాంతరంగా పట్టుకుని 2x లో తీయండి. దగ్గరగా వంగి మామూలు లెన్సుతో తీస్తే ఫోనుకు దగ్గరున్న వైపు ఉబ్బుతుంది, నడుము పెద్దదై అంచు చిన్నదవుతుంది.

కావలి అమ్మ
మా పాపకే తొడిగి, ముఖం మీద పువ్వు బొమ్మ అతికించి పెడుతున్నాను. అది కూడా వద్దంటారా?

దర్గామిట్ట స్టూడియో
ఇక్కడి మాట ఏఐ బొమ్మల గురించమ్మా. అయినా అడిగారు కాబట్టి చెబుతున్నాను: కేటలాగు ఫోటో ఎన్ని గ్రూపులు తిరుగుతుందో మన చేతిలో ఉండదు. మా ఇంటి పిల్లలవైతే నేను పెట్టను.

ఒంగోలు హోల్‌సేల్
ఇవన్నీ సరే కానీ, ముఖం లేని ఫోటో దగ్గర జనం ఆగడం లేదు. మా గౌన్ల కేటలాగులో నెల రోజులు ముఖాలు తీసి చూశాను, అడిగేవాళ్లు తగ్గారు. వాపసు తక్కువైనా బేరం కూడా తక్కువైతే లాభమేమిటి?

ట్రంకు రోడ్డు టైలర్
మీ ఫోటోలు చూశాను బాబూ. రెండేళ్ల పాప గౌనును పెద్దవాళ్ల హ్యాంగర్‌కు తగిలించారు. భుజాల దగ్గర రెండు కొమ్ములు లేచాయి, చేతులు సాగిపోయాయి. ముఖం ఉన్నా లేకపోయినా ఆ గౌను ఎవరు అడుగుతారు?

ఒంగోలు హోల్‌సేల్
హ్యాంగర్ సంగతి ఒప్పుకుంటాను. ముఖం సంగతి మాత్రం ఒప్పుకోను.

కందుకూరు పావడాలు
నిన్న స్టూడియో అన్న చెప్పినట్టు తీశాను. నెమలి ముక్కు దగ్గర పోగు కూడా కనిపిస్తోంది! వేలాడే ఫోటోకు కర్టెన్ కర్రకు రెండు క్లిప్పులు పెట్టి, నడుము పట్టీని రెండు చివర్లా పట్టించాను, ఘేరు బాగా వచ్చింది. రెండు చిక్కులు మిగిలాయి. రాణీ రంగు ఒక్కో ఫోటోలో ఒక్కోలా పడుతోంది. ముఖం లేకపోయేసరికి ‘నాలుగేళ్ల పాపకు ఎక్కడిదాకా వస్తుంది?’ అని అందరూ అడుగుతున్నారు.

దర్గామిట్ట స్టూడియో
గదిలో ట్యూబులైటు వెలుగుతోందా? కిటికీ వెలుగూ అదీ కలిస్తే రంగు అలాగే తిరుగుతుంది. పక్కన ఒక తెల్ల కాగితం పెట్టి తీయండి, అది తెల్లగా కనిపిస్తేనే పావడా రంగును నమ్మండి. పొడవుకు టైలర్ టేపును నడుము నుంచి అంచు దాకా పరిచి ఇంకో ఫోటో తీయండి.

కందుకూరు పావడాలు
ట్యూబులైటు వెలుగుతూనే ఉందన్నా. టేపు పెడితే 24 అంగుళాలు వచ్చింది. టక్కులు విప్పితే 27. రెండూ ఫోటో కింద రాసేస్తాను.

కావలి అమ్మ
24 మా పాపకు పొట్టి. ఆ నెమలి అంచులో 26 ఉందా అక్కా?