ఇంటర్ ద్వితీయ సంవత్సరం ఫిజిక్స్ పేపర్: ఆగిపోయిన ప్రశ్నను ఎప్పుడు వదలాలి, ఎప్పుడు తిరిగి రావాలి?

వరంగల్ విద్యార్థిని

అందరికీ నమస్కారం. నేను తెలంగాణ ఇంటర్ బోర్డు ద్వితీయ సంవత్సరం ఎంపీసీ చదువుతున్నాను. మా ఫిజిక్స్ పేపర్ మూడు గంటలు, 60 మార్కులు. సెక్షన్ ఎ లో రెండు మార్కుల ప్రశ్నలు పది ఉంటాయి, వాటిలో ఛాయిస్ లేదు. సెక్షన్ బి లో ఎనిమిదింటిలో ఆరు నాలుగు మార్కుల ప్రశ్నలు, సెక్షన్ సి లో మూడింటిలో రెండు ఎనిమిది మార్కుల ప్రశ్నలు రాయాలి.

ప్రీఫైనల్‌లో విద్యుత్ ద్విధ్రువం అక్షీయ రేఖపై క్షేత్ర తీవ్రతకు సమీకరణం రాబట్టే ప్రశ్న వచ్చింది. పటం గీసి, రెండు ఆవేశాల వల్ల కలిగే తీవ్రతలను రాసి, వాటిని కలిపితే లవంలో 2(r² + a²) వచ్చింది. పుస్తకంలో అక్కడ 4ar ఉంటుందని గుర్తుంది కానీ అది ఎలా వస్తుందో తోచలేదు. ఇలాంటి చోట ఎంతసేపు ప్రయత్నించాలి? మధ్యలో వదిలేస్తే రాసినంత వరకు మార్కులు వేస్తారా, లేక చివరి సమీకరణం లేనందువల్ల ఏమీ రాదా?

నిజామాబాద్ తండ్రి

మా అబ్బాయికి కూడా ఇదే సమస్య ఉంది. వాడి కోచింగ్‌లో చెప్పినదేమిటంటే, ఒక్కో ప్రశ్నకు ఒక నిమిషం కంటే ఎక్కువ ఇవ్వకూడదు, రాకపోతే గుర్తు పెట్టుకుని ముందుకు వెళ్లాలి, చివరి ఐదు నిమిషాల్లో మిగిలిన వాటన్నిటికీ ఏదో ఒక ఆప్షన్ పెట్టేయాలి. నెగటివ్ మార్కులు లేవు కనుక నష్టం ఉండదు.

వరంగల్ విద్యార్థిని

అంకుల్, మీరు చెబుతున్నది ఎప్‌సెట్ గురించి అనుకుంటాను. అందులో మూడు గంటలకు 160 ప్రశ్నలు, వాటిలో ఫిజిక్స్ 40 మాత్రమే. నేను అడిగింది జవాబు పత్రంలో రాసే బోర్డు పరీక్ష గురించి.

బీటెక్ రెండో ఏడు

చెల్లీ, నా అనుభవం చెబుతాను. ముందుగా రెండు ఎనిమిది మార్కుల ప్రశ్నలు రాసేయాలి, ఎందుకంటే మనసు తాజాగా ఉన్నప్పుడే పెద్ద డెరివేషన్లు సరిగా వస్తాయి. రెండు మార్కులవి చివరి అరగంటలో రాసుకోవచ్చు. డెరివేషన్ తప్పిందని తెలిస్తే దాన్ని నిలువునా కొట్టేసి, వదిలేసి ఇంకో ప్రశ్న అందుకోవాలి. సెక్షన్ బి లో ఆరుకు బదులు ఏడు రాస్తే, వాటిలో ఎక్కువ మార్కులు వచ్చిన ఆరింటినే లెక్కిస్తారు కనుక ఆ లోటు పూడుతుంది.

విశ్రాంత అధ్యాపకుడు

నేను జూనియర్ కళాశాలలో ఫిజిక్స్ బోధించి, చాలా సంవత్సరాలు స్పాట్ వాల్యుయేషన్‌లో పాల్గొన్నాను. ముందుగా ఈ అమ్మాయి అడిగిన రెండో ప్రశ్నకు జవాబు చెబుతాను, ఎందుకంటే మొదటి దాని జవాబు దాని మీదే ఆధారపడి ఉంది.

చివరి సమీకరణం లేనంత మాత్రాన సున్నా వేయరు. మా చేతికి ఇచ్చే స్కీమ్‌లో మార్కులు మెట్టు మెట్టుకు విడదీసి ఉంటాయి. ఆ విభజన ప్రతి సంవత్సరం ఒకే రకంగా ఉండదు కనుక ఖచ్చితమైన లెక్క చెప్పను. కానీ ఈ ద్విధ్రువ ప్రశ్నలో ఆవేశాలు, దూరాలు, దిశలు గుర్తించిన పటానికీ, +q వల్ల q/(4πε₀(r−a)²), −q వల్ల q/(4πε₀(r+a)²) అని వేర్వేరుగా రాసిన రెండు సమీకరణాలకూ కలిపి, నేను దిద్దిన పత్రాల్లో సుమారు సగం మార్కులు వచ్చేవి. ఆ సగం రాయడానికి నాలుగైదు నిమిషాలు సరిపోతాయి. బీజగణితం, p = 2aq ప్రతిక్షేపణ, r >> a అయినప్పటి రూపం అనే మిగతా సగానికే అసలు సమయం పడుతుంది. అంటే ఏ ప్రశ్నలోనైనా తొలి మార్కులు తక్కువ సమయానికి దొరుకుతాయి, చివరి మార్కు ఎక్కువ సమయం తీసుకుంటుంది. అందుచేత ప్రశ్నను ఖాళీగా వదలడం నష్టం. తొలి సగం రాసిన తరువాత వదలడం చాలా సందర్భాల్లో లాభం.

ఇక ఎప్పుడు వదలాలి అన్నది. 180 నిమిషాలను 60 మార్కులకు పంచితే మార్కుకు మూడు నిమిషాలు వస్తాయి, కానీ అలా పంచితే సరిచూసుకోవడానికి ఏమీ మిగలదు. రెండు మార్కుల ప్రశ్నకు నాలుగు, నాలుగు మార్కుల దానికి పదకొండు, ఎనిమిది మార్కుల దానికి పాతిక నిమిషాలు పెట్టుకుంటే మొత్తం 156 అవుతుంది, 24 నిమిషాలు చేతిలో ఉంటాయి. వదిలిన ప్రశ్నల దగ్గరకు తిరిగి వచ్చేది ఆ 24 నిమిషాల్లోనే. అయితే నేను గడియారం కంటే కాగితాన్నే ఎక్కువ నమ్మమంటాను. రెండు మూడు నిమిషాలుగా కొత్త వరుస ఏదీ పడకుండా, ఉన్న వరుసనే మళ్లీ మళ్లీ చదువుతున్నారంటే, పదకొండు నిమిషాలు పూర్తి కాకపోయినా అక్కడ ఆపాలి. కలం సాగుతూ ఉంటే ఒకటి రెండు నిమిషాలు ఎక్కువైనా ముగించాలి, ఎందుకంటే తిరిగి వచ్చినప్పుడు ప్రశ్నను మళ్లీ చదివి ఎక్కడ ఉన్నామో తెలుసుకోవడానికే కొంత సమయం పోతుంది.

వరంగల్ విద్యార్థిని

ధన్యవాదాలు సార్. ఆ 2(r² + a²) ఎందుకు వచ్చిందో కూడా చెప్పగలరా? తిరిగి వచ్చినప్పుడు తప్పు ఎక్కడ ఉందో వెతకడానికే నాకు సమయమంతా పోతుంది.

విశ్రాంత అధ్యాపకుడు

రెండు తీవ్రతలు అక్షం మీద ఎదురెదురు దిశల్లో ఉంటాయి కనుక వాటిని తీసివేయాలి, మీరు కూడారు. (r+a)² నుంచి (r−a)²ను తీసివేస్తే 4ar వస్తుంది. కూడితే 2(r² + a²) వస్తుంది.

దీన్ని కనిపెట్టడానికి మొత్తం తిరిగి చేయనవసరం లేదు. మీ ఫలితంలో a = 0 అని వేసి చూడండి. రెండు ఆవేశాలూ ఒకే చోట కలిస్తే ఒకదాని ప్రభావాన్ని మరొకటి రద్దు చేసి తీవ్రత సున్నా కావాలి. 4ar ఉంటే సున్నా అవుతుంది. మీ సమీకరణంలో మాత్రం q/(4πε₀)కు రెండు రెట్లు, భాగించు r² మిగులుతుంది, అది ఒకే గుర్తు ఉన్న రెండు ఆవేశాలు పక్కపక్కన ఉన్నప్పటి ఫలితం. కనుక తప్పు బీజగణితంలో కాదు, గుర్తులో ఉందని అర నిమిషంలో తెలిసిపోతుంది. అప్పుడు దిద్దవలసినవి కూడిన వరుస, దాని కింది వరుసలు మాత్రమే. పటమూ, మొదటి రెండు సమీకరణాలూ అలాగే ఉంటాయి.

అందుకే బీటెక్ బాబు చెప్పిన నిలువునా కొట్టివేతను నేను ఒప్పుకోను. కొట్టివేసిన దాన్ని దిద్దేవారు సాధారణంగా చూడరు, కనుక సరైన పటం కూడా అందులో పోతుంది. కొత్త వరుసలు రాసిన తరువాతే పాత వరుసలను, అవి మాత్రమే, ఒక్క గీతతో కొట్టాలి.

చెన్నైలో సీబీఎస్ఈ టీచర్

మా 12వ తరగతి ఫిజిక్స్ పేపర్ కూడా మూడు గంటలే, కానీ 70 మార్కులకు 33 ప్రశ్నలు, పైగా రాయడం మొదలుపెట్టే ముందు చదువుకోవడానికి 15 నిమిషాలు విడిగా ఇస్తారు. ఆ వ్యవధిలో మా పిల్లల చేత నేను చేయించే పని ఒక్కటే: ఛాయిస్ ఉన్న ప్రతిచోటా ఏది రాయాలో అప్పుడే తేల్చుకుని, మళ్లీ ఆ నిర్ణయాన్ని తిరగదోడకుండా ఉండటం. సగం రాసిన తరువాత రెండోదానికి మారే పిల్లలు రెండు ప్రశ్నల సమయం పెట్టి ఒక దాని మార్కులు కూడా పూర్తిగా తెచ్చుకోలేకపోతున్నారు. మీకు అలాంటి వ్యవధి లేకపోయినా, సెక్షన్ బి, సి లలో ఏవి రాయాలో తేల్చుకోవడానికి మొదటి ఐదు నిమిషాలు కేటాయించడం వృథా కాదని నా అభిప్రాయం.

బీటెక్ రెండో ఏడు

కొట్టివేత విషయంలో సార్ చెప్పినది ఒప్పుకుంటున్నాను. కానీ పెద్ద ప్రశ్నలు ముందు రాయాలన్న మాట మీద నేను నిలబడతాను. ఆఖరున అలసిపోయిన చేతితో ఎనిమిది మార్కుల ప్రశ్న రాయడం కష్టం.

విశ్రాంత అధ్యాపకుడు

చేతి అలసట నిజమే, దాన్ని కాదనను. నా భయం వేరే. సెక్షన్ ఎ లో ఛాయిస్ లేదు, మొత్తంలో మూడో వంతు మార్కులు అక్కడే ఉన్నాయి. చివరి అరగంటలో పది ప్రశ్నలు రాయాలంటే ఒక్కోదానికి మూడు నిమిషాలు మాత్రమే, ఒక పెద్ద ప్రశ్న పది నిమిషాలు ఎక్కువ తింటే అది రెండు నిమిషాలకు పడిపోతుంది. నాండ్ ద్వారం గుర్తు, నిజపట్టిక అడిగితే, హడావిడిలో పట్టిక మాత్రమే రాసి గుర్తు మరచిపోయిన పత్రాలు నేను ఎన్నో చూశాను. మరో వైపు, మొదటే రాసేవారిలో కొందరు రెండు మార్కులకు పేజీ నింపుతారు. ఏ వరుసలో రాసినా సరే, సెక్షన్ ఎ ముగిసే సమయాన్ని ముందుగా నిర్ణయించుకోండి.

ఏడో ప్రశ్న గురించి: ఎక్కువ వచ్చిన ఆరింటిని లెక్కించడం నేను చూశాను, కానీ ప్రతిచోటా అలాగే జరుగుతుందని హామీ ఇవ్వలేను. పదకొండు నిమిషాలు మిగిలి ఉంటే, ఏడోది మొదలుపెట్టే ముందు ఆగిపోయిన ప్రశ్నను పూర్తి చేయమంటాను.

వరంగల్ విద్యార్థిని

సార్, ఎనిమిది మార్కుల ప్రశ్నలో డెరివేషన్ ఆగిపోతే దాని కింద ఇచ్చే లెక్కను కూడా వదిలేయవలసిందేనా?

విశ్రాంత అధ్యాపకుడు

అస్సలు వద్దు. మూసిన గొట్టంలో స్థిర తరంగాల ప్రశ్న కింద సాధారణంగా ఇచ్చే లెక్క చూడండి: గొట్టం పొడవు 70 సెం.మీ., ధ్వని వేగం సెకనుకు 331 మీటర్లు, ప్రాథమిక పౌనఃపున్యం ఎంత? హరాత్మకాల డెరివేషన్ రాకపోయినా ఈ లెక్కకు అడ్డు లేదు. 70 సెం.మీ.ను 0.70 మీటర్లుగా మార్చి, f = v/4L రాసి, 331/(4 × 0.70) అని ప్రతిక్షేపిస్తే 118.2 హెర్ట్జ్ వస్తుంది. రెండు నిమిషాల పని. డెరివేషన్ కోసం పేజీన్నర ఖాళీ ఉంచి, లెక్కను దాని కింద ముందే రాసేయండి. సమయం పూర్తిగా అయిపోతున్నప్పుడు భాగహారం చేయలేకపోయినా, ప్రతిక్షేపణ వరకు రాసి, ప్రమాణం హెర్ట్జ్ అని పక్కన పెట్టండి.

చెన్నైలో సీబీఎస్ఈ టీచర్

ఒక చిన్న సందేహం సార్. పొరపాటున 4L బదులు 2L రాసి, మిగతా గుణకారం సరిగా చేస్తే మీ స్కీమ్‌లో ఏమైనా ఇస్తారా? మా దగ్గర దీని మీద టీచర్ల మధ్యనే భేదాభిప్రాయం ఉంది.

విశ్రాంత అధ్యాపకుడు

మా దగ్గరా ఉండేది. సూత్రమే తప్పు కనుక ఏమీ ఇవ్వనక్కరలేదని కొందరు, ప్రమాణాల మార్పు సరిగా చేసినందుకు అర మార్కు ఇవ్వాలని కొందరు వాదించేవారు. 2L తెరిచిన గొట్టం సూత్రం కనుక నేను మొదటి పక్షమే. సూత్రం సరిగా రాసి అంకెల్లో తప్పిన వారికి మాత్రం సూత్రం మార్కు ఎప్పుడూ ఇచ్చాను.

వరంగల్ విద్యార్థిని

అర్థమైంది సార్. వచ్చే వారం మాకు ఇంకో ప్రీఫైనల్ ఉంది. మొదటి ఐదు నిమిషాల్లో ప్రశ్నలు ఎంచుకుని, సెక్షన్ ఎ ను నలభై నిమిషాల్లో ముగించి, ఆగిన చోట ఖాళీ ఉంచి రాస్తాను. అన్నయ్య చెప్పినట్లు చేయి అలసిపోతుందేమో అప్పుడు తెలుస్తుంది. ఆ పేపర్ దిద్ది ఇచ్చాక ఎక్కడ ఎన్ని మార్కులు పోయాయో ఇక్కడే రాస్తాను.