బుమ్రా పక్కన నేనున్న ఫ్యాన్ పోస్టర్: లేబుల్ ఎక్కడ పెట్టాలి?

అందరికీ నమస్కారం. మాది కావలి. బుమ్రా అంటే నాకు ప్రాణం. ఆయన పక్కన నేను బంతి పట్టుకుని నిలబడినట్టు 12 అంగుళాల వెడల్పు, 18 అంగుళాల ఎత్తులో పోస్టర్ చేస్తున్నాను. వేరేవాళ్లు తీసిన ఫోటో వాడకుండా బుమ్రా బొమ్మను మా అక్క చేత్తో గీసింది. తన పేరు వేయడానికి ఒప్పుకుంది. నాది మాత్రం అసలు ఫోటోనే.

‘అభిమాని చిత్రం, నిజమైన ఫోటో కాదు’ అని అడుగున రాశాను. అయితే వాట్సాప్ డీపీగా పెడితే చదరంగా కత్తిరిస్తుంది కదా, మధ్యలో 12 అంగుళాలే మిగిలి, పైనా కిందా మూడేసి అంగుళాలు పోతాయి. లేబుల్ కూడా పోయి, నేను నిజంగానే ఆయన్ని కలిశానని అనుకుంటారు. అది నాకు ఇష్టం లేదు. మా ఇద్దరి మధ్య, భుజాల ఎత్తులో రాస్తే బాగుంటుందా? అక్షరాలు ఎంత సైజు ఉండాలి?

ఇంకొకటి. మా కోచింగ్ సార్ అడ్మిషన్ల ఫ్లెక్సీకి ఈ బొమ్మ అడుగుతున్నారు. అలా వేస్తే బుమ్రాయే ప్రచారం చేస్తున్నట్టు ఉంటుంది, ఆయన అనుమతి లేకుండా కుదరదని నా అభిప్రాయం. లేబుల్ ఉన్నా ఇది తప్పేనని సార్‌కి నొప్పించకుండా ఎలా చెప్పాలి?