అక్కతో వాట్సాప్‌లో వాదన ముదిరింది. ఆదివారం కూర్చుని మాట్లాడుకుందామని ఎలా రాయాలి?

హైదరాబాద్ తమ్ముడు: అందరికీ నమస్కారం. మా అమ్మకు మోకాలి ఆపరేషన్ చేయించాలనుకున్నాము. ఆ తరువాత ఆమె ఎవరి ఇంట్లో ఉండాలన్న దగ్గర నిన్న రాత్రి అక్కతో వాట్సాప్‌లో మొదలైన మాట, గంట తిరిగేసరికి పదేళ్ల కిందటి నా పెళ్లి ఖర్చుల దాకా వెళ్లింది. "నీకు అమ్మంటే ఖర్చుల లెక్కేనా?" అని అక్క రాసినదానికి పెద్ద జవాబు టైపు చేసి, పంపకుండా ఉంచాను. ఆదివారం తెనాలిలో అక్క ఇంటికి వెళ్తున్నాను. అప్పటివరకు ఈ వాదన ఆగాలి, కానీ నేను తప్పించుకుంటున్నానని ఆమె అనుకోకూడదు. ఆపరేషన్‌కు ముందు చేయించే అమ్మ రక్తపరీక్షల సంగతి మాత్రం రేపే ఆమెకు చెప్పాలి. ఏమని రాయాలి?

మౌనమే మేలు: ఏమీ రాయకండి. ఫోను పక్కన పెట్టేస్తే రెండు రోజులకు ఆవిడే చల్లబడతారు.

విశ్రాంత కౌన్సెలర్: ఫోను పక్కన పెట్టమన్నంతవరకు బాగానే ఉంది. అయితే నీలి టిక్కులు పడిన తరువాత జవాబు రాకపోతే, అవతలివారికి అది విరామంలా కాక శిక్షలా తోస్తుంది. అందుచేత మౌనానికి ముందు ఒక్క సందేశం వెళ్లాలి. ఆపడానికి కారణం మీ కోపమే తప్ప ఆమె కోపం కాదని, మళ్లీ మాట్లాడేది ఫలానా రోజు ఫలానా వేళకని అందులో తెలియాలి. అప్పటిదాకా ఆగని పని ఏదైనా ఉంటే దాన్ని విడిగా చెప్పాలి. నేనైతే ఇలా రాస్తాను:

"అక్కా, నాకు కోపం వచ్చింది. ఇప్పుడు రాస్తే అనకూడని మాట అనేస్తాను. నువ్వన్నది కొట్టిపారేయడం లేదు. ఆదివారం పొద్దున పదింటికి ఇంటికి వస్తాను, కూర్చుని మాట్లాడుకుందాం. అమ్మ రక్తపరీక్షల సంగతి మాత్రం రేపు సాయంత్రం ఫోన్ చేసి చెప్తాను."

"ముందు నువ్వు శాంతించు" అని మాత్రం రాయకండి, ఆ మాటకు శాంతించినవారిని నేను చూడలేదు. "పెళ్లి ఖర్చుల గురించి నువ్వన్నది అబద్ధం, సరే, ఆదివారం మాట్లాడదాం" అన్నా అంతే. చివరి దెబ్బ తాను కొట్టి ఆట చాలన్నట్టు ఉంటుంది. టైపు చేసి ఉంచిన ఆ పెద్ద జవాబును ఇప్పుడే చెరిపేయండి, ఎందుకంటే అక్క నుంచి మరో మాట రాగానే మీ వేలు నేరుగా దాని మీదకే పోతుంది.

పక్కా కాగితం: ఆస్తి పంపకాల్లో నోటిమాటలు నమ్మవద్దు. అంతా రాతలోనే ఉండాలి, రేపు సాక్ష్యానికి పనికొస్తుంది.

హైదరాబాద్ తమ్ముడు: ఇది ఆస్తి తగాదా కాదండీ, అమ్మను చూసుకోవడం గురించి.

విశ్రాంత కౌన్సెలర్: ఆయన మాటలో ఒకటి మాత్రం తీసుకోవలసినది ఉంది. అవతలివారు బెదిరిస్తూ ఉంటే ఆ సందేశాలను చెరపకూడదు, ఒంటరిగా కలవడానికి వెళ్లకూడదు. ఇక్కడ ఆ పరిస్థితి లేదు.

దోహా నుంచి: మా ఆయనతో నాదీ ఇదే గొడవ. ఆయన విశాఖలో ఉంటారు, నాకు సెలవు దొరికేది ఎనిమిది నెలల తరువాత. ఎదురుగా మాట్లాడుకోవడం మాకెలా కుదురుతుంది?

విశ్రాంత కౌన్సెలర్: వీడియో కాల్‌కు వేళ పెట్టుకోండమ్మా. ఏ దేశపు గడియారం ప్రకారమో కూడా రాయండి. మీకూ ఆయనకూ రెండున్నర గంటల తేడా ఉంది. "రాత్రి తొమ్మిదికి" అని ఊరుకుంటే ఎవరి తొమ్మిది అన్నదాని మీద మరో గొడవ వస్తుంది.

హైదరాబాద్ తమ్ముడు: మీరు చెప్పినట్టే పంపాను. రెండు నిమిషాల్లో, "అంటే నాతో మాట్లాడటం కూడా ఇష్టం లేదన్నమాట" అని వచ్చింది. చెయ్యి ఊరుకోవడం లేదు.

విశ్రాంత కౌన్సెలర్: అలా రావడం సహజమే. కొత్త కారణాలు చెప్పబోకండి, ఎందుకంటే ప్రతి కారణానికీ ఒక జవాబు పుడుతుంది. "ఇష్టం ఉంది కాబట్టే వస్తున్నాను అక్కా. ఆదివారం పదింటికి" అని ఒక్కసారి రాసి, ఆ చాట్ మూసేయండి. ఉద్రేకం దిగడానికి కనీసం 20 నిమిషాల విరామం కావాలని, ఆ సమయంలో జరిగినదాన్నే తలచుకుంటూ రగిలిపోకూడదని దాంపత్య కలహాలను పరిశీలించిన జాన్ గాట్‌మన్ అంటారు. పాత సందేశాలు పైకి జరుపుకుంటూ చదివారా, మళ్లీ మొదటికే వస్తారు. రేపటి రక్తపరీక్షల ఫోన్ మాత్రం మరచిపోవద్దు. అది తప్పితే ఆదివారం మాటను కూడా ఆమె నమ్మరు.

హైదరాబాద్ తమ్ముడు: ఈ రోజు ఫోన్ చేశాను. పరీక్షల సంగతి తప్ప మరేదీ ఎత్తలేదు, అక్క కూడా ఎత్తలేదు. పెట్టేముందు "పదింటికా, టిఫిన్‌కే వచ్చేయ్" అంది. అయితే బావగారు కూడా కూర్చుంటారట. కూర్చోనివ్వాలా?

మౌనమే మేలు: వద్దు, అక్కాతమ్ముళ్ల మాటల్లోకి మూడో మనిషి ఎందుకు?

విశ్రాంత కౌన్సెలర్: ఆపరేషన్ తరువాత అమ్మ ఆయన ఇంట్లో ఉండవలసి రావచ్చు కదా, మూడో మనిషి ఎలా అవుతారు? కాకపోతే పెళ్లి ఖర్చుల మాట ఆయన ముందు వస్తే మీ అక్కగారికి ఎలా ఉంటుందో నాకు తెలియదు. అది ఆమెనే అడగండి.