రెండు కుప్పల ఆట: గెలుపు-ఓటమి గుర్తులు చాలవా, గ్రండీ విలువలు కావాలా?

చిట్టిలెక్క: రెండు రాళ్ల కుప్పలు. ‘అ’లోంచి 1 లేదా 2 తీయొచ్చు, ‘ఆ’లోంచి 1, 3 లేదా 4. ఒక ఎత్తులో ఒకే కుప్పని ముట్టాలి. ఎత్తు లేనివాడు ఓడినట్టు. ఎన్ని రాళ్లుంటే గెలుపో కుప్పకో పట్టిక రాసుకుంటే సరిపోదా? ఈ గ్రండీ విలువలెందుకు?

సరిజోడు: సరిపోతుంది. ఒక్కటే గెలుపు కుప్పైతే మొదటివాడిదే ఆట. రెండూ గెలుపైతే చెల్లుకు చెల్లు, రెండోవాడిది.

కుప్పలరాయుడు: మొదటి మాట నిజం, రెండోది కాదు. రెంట్లోనూ 5 పెట్టండి. విడిగా రెండూ గెలుపే, అయినా మొదటివాడు ‘ఆ’లోంచి 1 తీసి గెలుస్తాడు. అప్పుడు మిగిలేవి 5, 4. ఇవీ విడిగా గెలుపు కుప్పలే, కానీ ఈసారి ఆడాల్సినవాడు ఓడతాడు. ఒకే గుర్తులు, వేరు ఫలితాలు.

ఒక ఎత్తులో చేరగల విలువల్లో లేని అతి చిన్న సంఖ్యే ఆ స్థితి గ్రండీ విలువ. ‘అ’కి 0, 1, 2 తిరుగుతుంటాయి కాబట్టి 5 దగ్గర 2. ‘ఆ’కి ఇలా, n రాళ్లు, g విలువ:

```
n: 0 1 2 3 4 5 6 7
g: 0 1 0 1 2 3 2 0
```

‘ఆ’లో 5 నుంచి 4, 2, 1కి వెళ్లొచ్చు. వాటి విలువలు 2, 0, 1, అందుకే 5కి 3. ఇక ఒక్కో విలువని అన్ని రాళ్లున్న నిమ్ కుప్ప అనుకోండి; నిమ్‌లో ఒక కుప్పలోంచి ఎన్ని రాళ్లైనా తీయొచ్చు. విలువల్ని ద్విసంఖ్యలుగా రాసి, అంకెకి అంకె పోల్చి, వేరైతే 1, ఒకటే అయితే 0 వేస్తే వచ్చేదే ఎక్సార్. అది సున్నా అయితే ఆడాల్సినవాడు ఓడతాడు. ఇక్కడ 2, 3ల ఎక్సార్ 1. దాన్ని సున్నా చేయాలంటే ‘ఆ’ విలువ 2కి దిగాలి, ‘అ’కి 3 ఎప్పుడూ రాదు గనక. అంటే గెలిపించే ఎత్తు ఒక్కటే. తొందరపడి ‘అ’ని 3కి దించారో, అవతలివాడు ‘ఆ’లోంచి 3 తీస్తాడు. రెండు విలువలూ సున్నా, మీ పని అయిపోయినట్టే.

అడ్డుప్రశ్న: నిమ్ కుప్ప తగ్గడమే గానీ పెరగదు. ఇక్కడ ‘ఆ’లో 6 విలువ 2. ఒకటి తీస్తే 5, విలువ 3! ఇది నిమ్‌తో సమానమెలా అవుతుంది?

కుప్పలరాయుడు: మంచి పట్టు. విలువ 3 అంటేనే అక్కణ్ణుంచి 2కి దారి ఉందని. మీరు పెంచితే నేను ఇంకొకటి తీసి 4కి తెస్తాను, విలువ మళ్లీ 2. రాళ్లు తరుగుతూనే ఉంటాయి కాబట్టి ఈ సాగదీత ఎంతోసేపు నడవదు. గణితజ్ఞులు స్ప్రాగ్ 1935లో, గ్రండీ 1939లో ఎవరికి వారే కనిపెట్టింది ఇదే.

చివరిరాయి: మేం ఆడేటప్పుడు చివరి రాయి తీసినవాడే ఓడతాడండీ. చెరో రాయి మిగిలితే ఎక్సార్ సున్నా, అయినా ఆడాల్సినవాడే గెలుస్తున్నాడు. మీ సూత్రం తప్పు కదా?

కుప్పలరాయుడు: అది వేరే ఆటండీ, ఈ సిద్ధాంతం దానికి హామీ ఇవ్వదు. నిమ్‌కైతే చిన్న సవరణ చాలు: మీ ఎత్తుతో ఒక్కో రాయి కుప్పలే మిగిలే ఘట్టం దాకా మామూలుగానే ఆడి, ఆ ఎత్తులో తిప్పేయాలి, అంటే అలాంటి కుప్పలు బేసి సంఖ్యలో మిగల్చాలి.

సరిజోడు: ఒంటి కుప్పకి మాత్రం నా గుర్తులు చాలు, ఒప్పుకోండి.

కుప్పలరాయుడు: ఒంటి కుప్పకి ఒప్పుకుంటాను. కానీ అడిగింది రెండింటి గురించి.

చివరిరాయి: మరి మా నియమంతో ‘ఆ’ లాంటి కుప్పలు రెండుంటే ఆ సవరణ పనిచేస్తుందా? ఎవరైనా లెక్కకట్టారా?